తడి ఆరాకే తలకు గుడ్డ

రావికమతం మండలంలో పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే తల కప్పుకోని మనిషి అరుదుగా కనిపిస్తారు. చెరకు కొట్టడానికి వెళ్ళే మగవాళ్ళు తువ్వాలును తలపాగా చుట్టుకుంటారు. కలుపు తీతకీ, జీడిమామిడి తోటల పనికీ వెళ్ళే ఆడవాళ్ళు పాత చీర ముక్కనో, పంచె ముక్కనో నెత్తికి కట్టుకుంటారు. రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు దుమ్ము పడకుండా చెవులదాకా గుడ్డ బిగిస్తారు. చోడవరం, నర్సీపట్నం వైపు బస్సెక్కే ఆడపిల్లల్లో కొందరు హిజాబ్‌తో వెళతారు. ఇంకొందరు బండి మీద ఎండకీ దుమ్ముకీ చున్నీతో తలంతా చుట్టుకుంటారు. కారణం ఏదైనా వీళ్ళందరి తలకూ రోజులో ఎనిమిది గంటలో పది గంటలో గాలి తగలదు. ఆ తలను, ఆ జుట్టును ఎలా కాపాడుకోవాలన్నదే ఈరోజు నా ప్రసంగం.

చర్మవైద్యురాలిగా నా దగ్గరికి వచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "డాక్టరమ్మా, ఎప్పుడూ కప్పుకోవడం వల్లే జుట్టు ఊడిపోతోందా?" అని. కాదు. వెంట్రుక కుదురుకు కావలసిన గాలి బయటినుంచి రాదు, రక్తం ద్వారా అందుతుంది. గుడ్డ కప్పినంత మాత్రాన కుదురుకు ఊపిరాడకుండా పోదు. పైగా ఎండలో పనిచేసేవాళ్ళకు ఆ గుడ్డ తల చర్మం మాడకుండా, జుట్టు పెళుసెక్కకుండా కాపాడుతుంది. మామూలుగా ఎవరికైనా రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి. తల విరబోసుకుని తిరిగేవాళ్ళకు అవి దారిపొడవునా పడిపోతాయి కాబట్టి తెలియదు. మీకు పగలంతా గుడ్డలోనే ఉండిపోయి, సాయంత్రం విప్పి దువ్వగానే గుప్పెడు ఒక్కసారి చేతికొస్తాయి. దానికి కంగారు పడనక్కర్లేదు.

చెరుపు చేసేవి వేరే రెండున్నాయి. ఒకటి, గుడ్డ కింద ఉండిపోయే తడి. రెండు, గుడ్డ బిగువు. ఈ రెండింటిలో తడి సంగతే పెద్దది, మన ప్రాంతంలో మరీ పెద్దది. సముద్రం దగ్గర కావడంతో మనకు గాలిలోనే తేమ ఎక్కువ. ముసురు పట్టిన రోజుల్లో ఆరేసిన బట్టే సాయంత్రానికి ఆరదు. నడుందాకా ఉన్న జుట్టు గంటలో ఆరుతుందనుకోవడం ఎలా?

ఒక అమ్మాయి విషయం చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. కాలేజీలో చదివే పిల్ల, హిజాబ్ వేసుకుంటుంది. వాళ్ళమ్మ వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. "పేల మందు రెండుసార్లు రాశామండి. ఈపులు చావట్లేదు. పేను ఒక్కటీ కనబడదు, ఈపులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి" అంది. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. తోటి పిల్లలు ఏమంటున్నారో అడగక్కర్లేకుండానే తెలుస్తోంది.

జుట్టు విప్పి, కిటికీ వెలుగులో ఒక పాయ పట్టుకుని చూశాను. ఈపి అయితే వెంట్రుకకు ఒక పక్కన అంటుకుని ఉంటుంది, నిమ్మగింజ ఆకారంలో. ఎక్కువగా తల చర్మానికి దగ్గరగా, చెవుల వెనకా మెడ మీదా కనిపిస్తుంది. గోళ్ళతో పట్టి లాగినా ఒక పట్టాన జారదు, ఎందుకంటే పేను దాన్ని జిగురుతో అతికిస్తుంది. ఈ పిల్ల జుట్టులో ఉన్నవి అలా లేవు. వెంట్రుక చుట్టూ తొడుగులా పట్టి ఉన్నాయి. తెల్లగా, కొన్ని లేత గోధుమ రంగులో, మెత్తగా ఉన్నాయి. ఒక్కో వెంట్రుకకు నాలుగైదు ఉన్నాయి. అవి కూడా మొదట్లో కాదు, మధ్యనుంచి చివరిదాకా. గోళ్ళ మధ్య పెట్టి లాగితే జారి వచ్చేశాయి. పాయను వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి ఇసుక తగిలినట్టుంది.

ఇది పేల జబ్బు కాదు. వెంట్రుక మీద పెరిగే ఒక బూజు. వైద్యంలో దీన్ని వైట్ పియెడ్రా అంటారు. ట్రైకోస్పోరాన్ అనే జాతి బూజు దీనికి కారణం. ఇది మట్టిలో, నీళ్ళలో, చెట్టూచేమల మీద ఎక్కడైనా ఉంటుంది. మామూలుగా మన జోలికి రాదు. పొడుగాటి జుట్టు, దానికి నూనె, స్నానం చేసిన తడి, పైన గాలి ఆడని గుడ్డ, ఈ నాలుగూ కలిసినచోట మాత్రం అది వెంట్రుకను పట్టుకుని గడ్డ కడుతుంది. మన దేశంలో తడి జుట్టును ముడి వేసి పైన ముసుగు వేసుకునే స్త్రీలలో, ఆడపిల్లలలో ఇది కనబడిందని వైద్యులు రాశారు. దీనితో ప్రాణభయమేమీ లేదు. తల చర్మం కూడా సాధారణంగా బాగానే ఉంటుంది, దురద ఉండదు. వెంట్రుక మాత్రం ఆ గడ్డ ఉన్నచోట బలహీనపడి తెగిపోతుంది. పేల మందుకు ఇది లొంగదు. పేల మందు పురుగును చంపుతుంది గానీ బూజును చంపదు.

ఇక ఆ పిల్ల రోజు ఎలా గడుస్తోందో అడిగాను. వారానికి మూడుసార్లు తలస్నానం, అదీ తెల్లవారి ఆరింటికి. ఏడున్నరకి బస్సు. జుట్టు పిండి, కాస్త నూనె రాసి, బిగించి ముడి వేస్తుంది. ముడి జారకుండా మీద నైలాన్ టోపీ, దాని మీద స్కార్ఫ్, పిన్నులు. ఇంటికొచ్చి విప్పేసరికి సాయంత్రం అయిదు దాటుతుంది. అప్పటికి ముడి మధ్యలో జుట్టు ఇంకా చెమ్మగానే ఉంటుందని తనే చెప్పింది. కొంచెం వాసన కూడా వస్తోందట. అంటే వారంలో మూడు రోజులు దాదాపు పది గంటలపాటు ఆ జుట్టు నూనెతో, తడితో, వెచ్చగా మూసిపెట్టి ఉంటోంది. బూజుకు అంతకన్నా ఏం కావాలి?

రెండు మూడు వెంట్రుకలను మైక్రోస్కోపు కింద చూస్తే సంగతి తేలిపోయింది. వైద్యం రెండు విధాలు. గడ్డలున్న మేర జుట్టు కత్తిరించేస్తే సులువుగా పోతుంది. ఆడపిల్ల జుట్టు కత్తిరించమంటే మనసొప్పదు కాబట్టి, చివర్లు కొంత తీసేసి, మిగతాదానికి కీటోకొనజోల్ షాంపూ, లోపలికి బూజు మందు మాత్రలు ఇస్తాం. ఆ మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు. కాలేయానికి సంబంధించిన జబ్బున్నవాళ్ళకు, గర్భిణులకు, వేరే మందులు వాడేవాళ్ళకు ముప్పు ఉంటుంది. డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. నయం కావడానికి వారాలు పడుతుంది. మందు ఎంత మంచిదైనా, తడి తల మీద గుడ్డ కట్టే అలవాటు పోకపోతే మళ్ళీ వస్తుంది.

అందుకని ఆ పిల్లకు హిజాబ్ మానమని చెప్పలేదు. తలస్నానం వేళ మార్చమని చెప్పాను. వారానికి రెండుసార్లు చాలు, అది కూడా సాయంత్రం, కాలేజీ నుంచి రాగానే. స్నానం అయ్యాక జుట్టును మెలిపెట్టి పిండకూడదు, తువ్వాలుతో విదిలించి కొట్టకూడదు. నీళ్ళు తాగి ఉబ్బిన వెంట్రుక బాగా సాగుతుంది, సులువుగా తెగుతుంది. నూలు తువ్వాలుతో అదిమి నీళ్ళు పీల్చనివ్వాలి. తర్వాత ఇంట్లో ఆడవాళ్ళ మధ్య జుట్టు విరబోసుకుని ఫ్యాను కింద కూర్చుని చదువుకోవచ్చు. ఒత్తయిన జుట్టుకు మూడు గంటలు తేలిగ్గా పడుతుంది, వానాకాలం ఇంకా ఎక్కువ. పడుకునేలోగా ఆరిపోవాలి. తడి జుట్టుతో దిండు మీద పడుకున్నా గుడ్డ కట్టినంత పనే అవుతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడం ఎలా? పైపైన చూస్తే తెలియదు. అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు, వేళ్ళ కణుపుల దగ్గర, జుట్టు లోపలికి పోనివ్వండి. మెడ వెనక, చెవుల వెనక, నడినెత్తి మీద, ఈ మూడు చోట్లా ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఒంటి వెచ్చదనమే తగిలితే ఆరినట్టు. మన అమ్మమ్మలు బాలింతకు తలకు పోసి సాంబ్రాణి వేసేవారు. ఆ పొగలో జుట్టుకు మందేమీ లేదు. నిప్పుల వేడికి తల పూర్తిగా ఆరడమే దానివల్ల కలిగే మేలు. పొగ ఉబ్బసం ఉన్నవాళ్ళకూ పసిపిల్లలకూ పడదు కాబట్టి, ఆరబెట్టే పని ఫ్యానుకు అప్పగించండి.

తడితో వచ్చే రెండో బాధ చుండ్రు. ఇది మగవాళ్ళకూ ఎక్కువే. మలసీజియా అనే ఈస్ట్ ఒకటి ప్రతి మనిషి తల మీదా ఉంటుంది. ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త మలసే 1874లో దాన్ని వర్ణించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. తల చర్మం నుంచి ఊరే జిడ్డే దాని తిండి. ఆ జిడ్డును తిని అది విడిచే ఆమ్లాలు కొందరి చర్మాన్ని రేపుతాయి. చర్మం దురద పెట్టి పొట్టు రాలుతుంది. చెమట పట్టి, వెచ్చగా మూసి ఉన్న తల మీద అది బాగా పెరుగుతుంది. దానికి తోడు పొట్టు రాలుతోంది, తల ఎండిపోయిందనుకుని మనవాళ్ళు రోజూ కొబ్బరినూనె పట్టిస్తారు. చుండ్రు తలకు నూనె పెట్టి గుడ్డ కట్టడమంటే ఆ ఈస్ట్‌కు మనమే అన్నం పెట్టినట్టు.

నూనె పూర్తిగా మానమనడం లేదు. కొబ్బరినూనె వెంట్రుకలోకి కొంత ఇంకుతుంది. స్నానానికి ముందు రాస్తే నీటివల్ల వెంట్రుకకు కలిగే నష్టం తగ్గుతుంది. కాబట్టి తలస్నానానికి రెండు గంటల ముందు ఒకటి రెండు చెంచాలు తీసుకుని, కుదుళ్ళకు కాకుండా జుట్టు పొడవుకు, ముఖ్యంగా చివర్లకు రాయండి. తర్వాత కడిగేయండి. కడిగిన తలకు మళ్ళీ నూనె పట్టించి గుడ్డ కట్టకండి.

కడగడానికి కుంకుడుకాయ వాడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పాడేరు, అరకు కొండల నుంచి గిరిజన సహకార సంస్థ కొని అమ్మే కుంకుడుకాయలు మనకు దగ్గరి సరుకే. రసాన్ని బాగా వడకట్టి వాడండి. పిప్పి తలలో ఉండిపోతే అదే దురద పుట్టిస్తుంది. కుంకుడు రసం జిడ్డు తీస్తుంది గానీ ముదిరిన చుండ్రును తగ్గించలేదు. దానికి 2 శాతం కీటోకొనజోల్ షాంపూ ఉంది. వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. చాలామంది చేసే పొరపాటేమిటంటే రాసిన వెంటనే కడిగేసుకుంటారు. మందు పనిచేయాలంటే తల చర్మానికి పట్టించి మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచాలి. జుట్టుకు కాదు, చర్మానికి. తగ్గాక వారానికో రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉంటే మళ్ళీ రాకుండా ఉంటుంది.

ఇప్పుడు పొలంలో, క్వారీలో, బెల్లం వండే పాకల్లో పనిచేసేవాళ్ళ సంగతి. మీకు తలస్నానం తడి కాదు, చెమట తడి. పెనం మీద చెరకు రసం మరుగుతుంటే ఆవిరి, పొయ్యి వేడి, చెమట అన్నీ తలపాగాలోకే పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో కొందరు తువ్వాలును నీళ్ళలో ముంచి చుట్టుకుంటారు. అది తప్పని నేను అనను. వడదెబ్బ ప్రాణం తీస్తుంది, చుండ్రు తీయదు. ఆ ఎండలో తడి గుడ్డే సరైనది. కానీ మిగతా కాలంలో రెండు తువ్వాళ్ళు దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు తలపాగా విప్పి, నీడలో పావుగంటో ఇరవై నిమిషాలో తలకు గాలి తగలనివ్వండి. పనిలోకి వెళ్ళేటప్పుడు పొడి తువ్వాలు చుట్టుకోండి. తడిసినదాన్ని చెట్టు కొమ్మకో గట్టు మీదో ఎండలో ఆరేయండి. ఇంటికొచ్చాక రెండింటినీ సబ్బుతో ఉతికి ఎండబెట్టండి. ఉతకని తువ్వాలులో నిన్నటి చెమట, జిడ్డు, పొట్టు అన్నీ ఉంటాయి. రోజూ షాంపూ అక్కర్లేదు. మంచినీళ్ళతో తలలో చెమట ఉప్పు పోయేలా కడిగి, రాత్రిలోగా ఆరబెట్టుకుంటే చాలు. ఒకరి తువ్వాలు ఇంకొకరు చుట్టుకోవద్దు, పిల్లలకు అసలే ఇవ్వద్దు.

ఇక రెండో సంగతి, బిగువు. జుట్టును గట్టిగా లాగి ముడి వేసి, దాని మీద గుడ్డ బిగించి, రోజూ అదేచోట పిన్ను గుచ్చితే కుదురు మీద నిరంతరం లాగుడు పడుతుంది. ముందుగా నుదుటి మీద, కణతల దగ్గర నొప్పి పుడుతుంది. తర్వాత జుట్టు మొదలయ్యే అంచున చిన్న చిన్న పొక్కులు వస్తాయి. ఆపైన కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. ఒక్కోసారి ముందంచున సన్నటి వెంట్రుకల వరుస ఒకటి మిగిలి, దాని వెనక ఖాళీ కనబడుతుంది. ఈ దశలో లాగుడు ఆపితే చాలామందిలో జుట్టు తిరిగి వస్తుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, తేడా తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది. ఏళ్ళ తరబడి అలాగే లాగితే కుదురు చచ్చి, చర్మం నున్నగా మచ్చ కడుతుంది. అప్పుడు ఏ మందూ జుట్టును తిరిగి తేలేదు.

చిన్నప్పటినుంచీ తల కప్పుకునే సిక్కులలో కూడా ఈ ఇబ్బంది ఉంది. జుట్టును నడినెత్తిన బిగించి ముడి వేసే కొందరు యువకులకు నుదుటి మీద జుట్టు వెనక్కి పోవడం వైద్యులు చూశారు. అయితే వాళ్ళ సంప్రదాయంలోనే దీనికి మంచి అలవాటు కూడా ఉంది. వాళ్ళు ధరించే అయిదు చిహ్నాలలో కంఘా ఒకటి, అంటే చెక్క దువ్వెన. రోజుకు రెండుసార్లు జుట్టు విప్పి దువ్వుకుని, తలపాగాను తిరిగి కట్టుకోవాలన్నది వాళ్ళ ఆచారం. మన హైదరాబాదులో, అత్తాపూర్ వైపు ఎన్నో తరాలుగా తెలుగు గడ్డ మీద ఉంటున్న దక్కనీ సిక్కుల ఇళ్ళల్లోనూ ఈ ఆచారం ఉంది. ఆ విప్పడంలో చాలా మేలుంది. కుదుళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది, తడి ఉంటే బయటపడుతుంది, ఎక్కడైనా పొక్కో పొట్టో ఉంటే చేతికి తగులుతుంది. తల కప్పుకునేవాళ్ళు ఎవరైనా సరే ఇంటికి రాగానే గుడ్డ విప్పి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రావాలి.

ముడి ఎంత వదులుగా ఉండాలంటే, కట్టుకున్నాక కనుబొమ్మలు పైకెత్తితే నుదుటి దగ్గర చర్మం లాగినట్టు అనిపించకూడదు. ముడి చోటు రోజూ మార్చండి, ఇవాళ మెడ దగ్గర, రేపు కాస్త పైకి. పిన్నులు జుట్టుకు కాదు, గుడ్డకే గుచ్చండి. లోపలి టోపీ నైలాన్‌ది కాకుండా పలచటి నూలుది వాడండి. నూలు చెమట పీలుస్తుంది. అవి మూడైనా ఉంటే రోజుకొకటి ఉతికినది దొరుకుతుంది.

చివరగా, ఇంట్లో ఆగకుండా డాక్టరుకు చూపించవలసినవి చెబుతాను. పిల్లల తల మీద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు తెగి, పొట్టు రాలుతుంటే అది తామర కావచ్చు. తలలో తామరకు పైపూత చాలదు. ఆ బూజు వెంట్రుక లోపలే ఉంటుంది కాబట్టి వారాల పాటు మాత్రలు వాడాలి. చీము పట్టి మెత్తగా వాచిన గడ్డ, మెడ వెనక బిళ్ళలు కట్టడం, జుట్టు ఊడినచోట చర్మం నున్నగా మెరవడం, మందు షాంపూ నెలరోజులు వాడినా తగ్గని చుండ్రు, ఇవన్నీ చూపించుకోవలసినవే. మెడికల్ షాపులో ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు మాత్రం రాయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద రెండు రోజులు తగ్గి, బూజు లోపల ఇంకా పాకుతుంది.

మొదట దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. అక్కడ తేలకపోతే అనకాపల్లి ఎన్టీఆర్ ఆస్పత్రి ఉంది, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పరాయివాళ్ళ ముందు తల విప్పడం ఇష్టం లేని ఆడవాళ్ళు లేడీ డాక్టరు కావాలనీ, తెర చాటున చూడమనీ మొహమాటం లేకుండా అడగండి. వెళ్ళేముందు రెండు రోజులు తలకు నూనె రాయకండి, ఆరోజు మందు షాంపూ వాడకండి. అప్పుడే డాక్టరుకు అసలు జబ్బు కనబడుతుంది, వెంట్రుకను పరీక్షించినా బూజు దొరుకుతుంది.

ఈ వారంలో మీరు తలస్నానం చేసే రోజు ఏదో, ఆరోజు తల ఆరడానికి మూడు గంటలు ఎప్పుడు దొరుకుతాయో ముందుగా చూసుకోండి. ఆ వేళకే స్నానం పెట్టుకోండి.